మామయ్య హార్డ్ డిస్కు, 18,400 ఫొటోలు: ట్యాగుల ప్రాజెక్టు డైరీ

మొదటి ఆదివారం

మా మామయ్య ఒంగోలులో చాలా ఏళ్లు ఫొటో స్టూడియో నడిపారు. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు కడుపు నింపేవి. ఆయన మనసు మాత్రం పత్రికలకు పంపే ఫొటోల మీద ఉండేది. సంక్రాంతికి బండలాగుడు పోటీలు, కొత్తపట్నం ఒడ్డున పడవలు, పొగాకు బ్యారన్లు, రొయ్యల గుంటలు, నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ... అన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఫోల్డర్ల పేర్లు చూస్తే తల తిరిగింది. `card3`, `card3_new`, `sankranti`, `sankranti_final`. ఇంకొకటి ఉత్త `aaa`.

పోయిన వారం ఒక పత్రిక వాళ్లు ఆయన్ని ఒక ఫొటో అడిగారు. పంట తీసేశాక ఎండగట్టిన రొయ్యల గుంట, నెర్రెలు బారిన నేల, గట్టు మీద తిరగేసి పెట్టిన ఏరేటర్లు. తాను అలాంటిది తీశానని మామయ్యకు గట్టిగా గుర్తుంది. రెండు రాత్రులు వెతికినా దొరకలేదు. ఇవాళ భోజనాల దగ్గర, "అల్లుడూ, ఫోన్లో 'బీచ్' అని కొడితే బీచ్ ఫొటోలు వస్తున్నాయి కదా, నా డిస్కుకి అది రాదా?" అని అడిగారు.

వస్తుంది. కాకపోతే ఫోన్లోని వెతుకులాట ఆ ఫోన్ వరకే పనిచేస్తుంది. నాకు కావాల్సింది వేరు. ఫొటోలో ఏముందో మోడల్ చూసి చెప్పాలి, ఆ మాట ఫైలు లోపలే కీవర్డ్‌గా పడాలి. రేపు డిస్కు మారినా సాఫ్ట్‌వేర్ మారినా ఆ మాట ఫొటోతో పాటే వెళ్లాలి. లెక్కపెడితే 18,400 జేపెగ్ ఫైళ్లు తేలాయి. నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. ఏదైనా మామూలు ప్రాసెసర్ మీదే నడవాలి.

సోమవారం రాత్రి

ముందు తేలిక దారి పట్టాను. ఇమేజ్‌నెట్ మీద శిక్షణ పొందిన రెస్‌నెట్-50ని దించుకుని 200 ఫొటోలు ఇచ్చాను. అది ఏ ఫొటోకైనా 1000 పేర్ల జాబితాలోంచి ఒకటి చెబుతుంది. ఆ జాబితా మన ఊళ్లను చూసి రాసింది కాదు. చీర కట్టుకున్న మా అత్తయ్యను `sarong` అంది. ఏరేటర్‌ను `paddlewheel` అంది. ఆ మాట నిజానికి తప్పు కాదు, తిరిగే రెక్కల చక్రమే కదా. గిత్త కనిపిస్తే `ox`. ఆ 1000 పేర్లలో ఎద్దు ఉంది, గేదె ఉంది, ఆవు లేదు. కాబట్టి ఆవు ఫొటో ఇస్తే ఏదో ఒక తప్పు తప్పనిసరి.

ఇంకో తమాషా. `crane` అనే పేరు ఆ జాబితాలో రెండుసార్లు ఉంది, ఒకటి కొంగలాంటి పక్షికి, ఇంకొకటి బరువులెత్తే యంత్రానికి. వరుస సంఖ్యలు వేరుగానీ అక్షరాలు ఒకటే. నేను పేరునే కీవర్డ్‌గా రాసి ఉంటే, కృష్ణపట్నం పోర్టు క్రేన్లూ చెరువు గట్టు కొంగలూ ఒకే కట్టలో పడేవి.

ఆ పేర్లను తెలుగులోకి మార్చుకుంటే సరిపోతుందేమోనని కాసేపు ఆలోచించాను. బ్యారన్‌కీ బండలాగుడుకీ అక్కడ గడి లేనప్పుడు మార్చుకోవడానికి ఏముంటుంది? వదిలేశాను.

బుధవారం

ఇవాళ క్లిప్ రకం మోడల్‌కి మారాను. ఇది బొమ్మనూ వాక్యాన్నీ ఒకే రకం అంకెల వరుసగా మారుస్తుంది. నేను వాడే `ViT-B-32`లో ఆ వరుస పొడవు 512. బొమ్మ వరుసా వాక్యం వరుసా ఎంత దగ్గరగా ఉన్నాయో కొలిస్తే ఒక స్కోరు వస్తుంది. జాబితా నా చేతిలోనే ఉంటుంది, నాకు కావాల్సిన వాక్యాలు నేనే రాసుకోవచ్చు.

```python
import open_clip
model, _, prep = open_clip.create_model_and_transforms(
    "ViT-B-32", pretrained="laion2b_s34b_b79k")
tok = open_clip.get_tokenizer("ViT-B-32")
model.eval()
```

వాక్యాలు మాత్రం ఇంగ్లిష్‌లో రాయాలి. ఈ మోడల్ నేర్చుకున్నది ఇంగ్లిష్ శీర్షికలతోనే. అందుకని ప్రతి ట్యాగుకీ రెండు ముఖాలు పెట్టాను. మోడల్‌కి చూపే ఇంగ్లిష్ వాక్యం ఒకటి, ఫైల్లో పడే తెలుగు మాట ఒకటి. `Ongole bull` అని రాయడం కన్నా `a white humped zebu bull` అని కంటికి కనిపించేది రాస్తే స్కోర్లు మెరుగ్గా వచ్చాయి.

14 ట్యాగులతో మొదలుపెట్టాను. స్కోర్లను సాఫ్ట్‌మ్యాక్స్‌లో వేసి, 0.8 దాటినవాటికి ట్యాగు ఇవ్వమన్నాను. పావుగంటలో మొదటి ఫలితం తెర మీదకొచ్చింది. మా ఇంట్లో తీసిన చేపల పులుసు గిన్నె ఫొటో. దాని కింద "రొయ్యల గుంట, 0.88". అత్తయ్య వెనక నుంచి చూసి, "పులుసు పల్చగా ఉందని నేరుగా చెప్పొచ్చుగా" అంది.

తప్పు మోడల్‌ది కాదు, నాదే. సాఫ్ట్‌మ్యాక్స్ అంటే 14 మందిలో ఒకరిని గెలిపించే ఎన్నిక. ఓట్ల మొత్తం ఎప్పుడూ ఒకటే. ఫొటోలో ఆ 14లో ఏదీ లేకపోయినా ఎవరో ఒకరు గెలిచి తీరాలి. పైగా ఈ మోడల్ స్కోర్లను సాఫ్ట్‌మ్యాక్స్‌కి ఇచ్చే ముందు దాదాపు 100తో హెచ్చిస్తారు. అందువల్ల అసలు స్కోరులో 0.03 తేడా ఉన్నా అది 20 రెట్ల తేడాగా బయటికొస్తుంది. పులుసు ఫొటోకి రొయ్యల గుంట అసలు స్కోరు 0.19 మాత్రమే. నిజమైన గుంట ఫొటోలకు 0.28 నుంచి 0.33 దాకా వస్తోంది. అంటే అది గుంట కాదని మోడల్‌కి తెలుసు, నేనే ఆ సంగతి దాచే విధంగా అడిగాను.

సాఫ్ట్‌మ్యాక్స్ తీసేసి, అసలు స్కోరునే చూసి, ప్రతి ట్యాగుకీ దాని సొంత గీత పెట్టాలని తేల్చుకున్నాను. అన్నింటికీ ఒకే గీత కుదరదు. "సముద్రం ఒడ్డు" ట్యాగుకి సరైన ఫొటోలు కూడా 0.25 దగ్గరే ఆగుతున్నాయి, "పెళ్లి" మాత్రం తేలిగ్గా 0.3 దాటుతోంది.

శనివారం

గీతలు ఎక్కడ గీయాలో తెలియాలంటే సరైన జవాబులు ముందు మనిషే చెప్పాలి. డిస్కులోంచి ఎలాపడితే అలా 600 ఫొటోలు తీసి, మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కోదానికీ చేత్తో జవాబు రాశాను. మధ్యాహ్నం రెండు నుంచి దీపాలు పెట్టే వేళ దాకా పట్టింది. ప్రతి ఫొటోకీ ఒక కథ చెబుతారు కాబట్టి పని నడవదు. ఒక పోటీలో బండ కట్టిన గొలుసు తెగిన సంగతి మూడుసార్లు విన్నాను.

గిత్తల ట్యాగునే వివరంగా రాస్తాను, మిగతావాటికీ ఇదే పద్ధతి. 600లో గిత్తలున్న ఫొటోలు 74. గీత 0.27 దగ్గర పెడితే 44 ఫొటోలకు ట్యాగు పడింది, వాటిలో 43 సరైనవి. ఇంతవరకు భలే ఉంది. కానీ 31 గిత్తలు బయటే మిగిలిపోయాయి. 0.25కి దించితే 81కి పడింది. 62 సరైనవి, 19 తప్పు, 12 మిగిలాయి. 0.23కి దించితే మిగిలినవి మూడే, తప్పులు మాత్రం 47.

ఏది మంచిది? నేనైతే 0.27 దగ్గర ఆపేవాణ్ని, తప్పు ట్యాగు చూస్తే నాకు చిరాకు. మామయ్య ఒప్పుకోలేదు. "తప్పుగా వచ్చిన ఫొటో నా కంటికి కనబడుతుంది, పక్కకు తోసేస్తాను. అసలు రాని ఫొటో నాకెలా తెలుస్తుంది?" అన్నారు. ఆయన పనికి అదే సరైన లెక్క. కీవర్డ్ కొట్టి, వచ్చిన వంద ఫొటోలు చూసి ఒకటి ఎంచుకునే మనిషి ఆయన. ట్యాగులు చూసి తనంతట తానే ఆల్బమ్ కట్టే ప్రోగ్రాం ఉంటే లెక్క తిరగబడేది. 0.25 దగ్గర పెట్టి, తప్పులు వేరే దారిలో తగ్గిద్దామనుకున్నాం.

ఆ 19 తప్పుల్ని తెరిచి చూశాను. గేదెలు ఎనిమిది. ఆవులు ఏడు. మిగిలిన నాలుగూ గుళ్లలోని నంది విగ్రహాలు. "నంది గిత్త కాదా ఏంటి?" అని అత్తయ్య వాదన. దానికి నా దగ్గర జవాబు లేదు.

గేదెకూ నందికీ మందు ఉంది. వాటికీ వాక్యాలు రాసి, గిత్తతో కలిపి ఒకే గుంపులో పెట్టాను. ఒక ఫొటో గిత్త గీత దాటినా, అదే గుంపులో గేదె స్కోరు ఇంకా ఎక్కువుంటే గిత్త ట్యాగు పడదు. సాఫ్ట్‌మ్యాక్స్ పోటీనే ఇక్కడ మళ్లీ వాడుతున్నట్టు లెక్క. కాకపోతే ముందు గీత దాటాలి, ఆ తర్వాతే, ఒకదానితో ఒకటి నిజంగా పోలిక ఉన్నవాటి మధ్యే పోటీ. గేదె తప్పులు ఎనిమిది నుంచి ఒకటికి తగ్గాయి. నందులు నాలుగూ పోయి సొంత ట్యాగు తెచ్చుకున్నాయి.

ఆవు దగ్గరే కథ ఆగింది. ఒంగోలు జాతిలో ఆవూ తెలుపే, గిత్తా తెలుపే. రెండింటికీ మూపురం ఉంటుంది, గంగడోలు వేలాడుతుంది. గిత్తకు మూపురం పెద్దది, తల, మెడ, మూపురం మీద నలుపు తిరుగుతుంది. మామయ్య అర సెకనులో చెబుతారు. మోడల్‌కి ఇచ్చే బొమ్మ 224 పిక్సెళ్ల చదరం, అందులో దూరంగా నిలబడ్డ పశువు మూపురం నాలుగైదు చుక్కలు. వాక్యాలు ఎన్ని మార్చినా ఆవూ గిత్తా విడిపోలేదు. ఇక "ఒంగోలు జాతి" అన్న మాట సంగతి చెప్పనే అక్కర్లేదు. అది వంశం, పైపైన చూసి ఈ మోడల్ రాసిచ్చే సర్టిఫికెట్ కాదు.

కాబట్టి ఆ ట్యాగు పేరు మార్చి "పశువులు" అన్నాను. మామయ్య ముఖం మాడిపోయింది. "కప్పు కొట్టిన గిత్తని పట్టుకుని పశువు అంటావా?" చివరికి ఒప్పందం కుదిరింది. మోడల్ "పశువులు" అని మాత్రమే రాస్తుంది. ఆ కట్టలోంచి గిత్తల్ని ఏరి "గిత్త" అని రాసే హక్కు ఆయనది. 18,400లో వెతకడం ఎక్కడ, రెండు వేలలో ఏరడం ఎక్కడ? బండ లాగుతున్న దృశ్యానికి మాత్రం "బండలాగుడు" అని వేరే ట్యాగు ఇచ్చాను. నేల మీద రాతి బండ, కాడికి కట్టిన జత, చుట్టూ జనం ఒకే ఫ్రేములో ఉంటే మోడల్ బాగానే పట్టుకుంటోంది.

రొట్టెల పండుగకు కూడా ఇదే పరిమితి. మోకాలి లోతు నీళ్లలో జనం నిలబడ్డారని మోడల్ చెప్పగలదు. అది పండుగో, సముద్ర స్నానమో చెప్పలేదు. ఆ ట్యాగు ఫోల్డర్ తేదీ చూసి చేత్తోనే వేశాం.

రెండో ఆదివారం

ఇవాళంతా ఏరేటర్ల గొడవే. మామయ్య చేత్తో రాసిన 600లో గుంట ఫొటోలు 41. వాటిలో 17 తప్పిపోయాయి. ఒక్కొక్కటీ తెరిచి, మోడల్‌కి నిజంగా అందుతున్న 224 చదరాన్ని ఫైలుగా దాచి చూశాను. ఈ పని మొదటి రోజే చేయాల్సింది.

రెండు కారణాలు కనిపించాయి. మొదటిది కత్తిరింపు. మామయ్య కెమెరా ఫొటో 6000 × 4000. మోడల్‌తో పాటు వచ్చే `prep` దాన్ని 336 × 224కి కుదించి, మధ్యలో 224 చదరం ఉంచుకుని, రెండు పక్కలా 56 చొప్పున కోసేస్తుంది. వెడల్పులో మూడో వంతు గాలికి పోయినట్టే. మామయ్య మంచి ఫొటోగ్రాఫర్, ముఖ్యమైనదాన్ని నడిమధ్య పెట్టరు. ఏరేటర్ ఎడమ అంచున ఉంటుంది, మిగతా ఫ్రేమంతా నీళ్లూ ఆకాశమూ. మోడల్‌కి వెళ్లేది ఆ నీళ్లూ ఆకాశమే.

రెండోది పరిమాణం. దూరపు ఏరేటర్ అసలు ఫొటోలో 400 పిక్సెళ్ల వెడల్పు ఉంటే, కుదించాక 22 అవుతుంది. ఈ మోడల్ బొమ్మను 32 × 32 పిక్సెళ్ల గళ్లుగా కోసుకుని, మొత్తం 49 గళ్లను చదువుతుంది. పేరులోని 32 అదే. అంటే ఏరేటర్ మొత్తం కలిపినా ఒక్క గడి నిండదు.

మొదటిదానికి మూడు చదరాలు: ఎడమ, మధ్య, కుడి. నిలువు ఫొటో అయితే పైన, మధ్య, కింద.

```python
def tiles(im):
    w, h = im.size
    s = min(w, h)
    for t in (0, 0.5, 1):
        x, y = int((w - s) * t), int((h - s) * t)
        yield im.crop((x, y, x + s, y + s))
```

రెండోదానికి ఫొటోను మూడు నిలువు వరుసలు, రెండు అడ్డ వరుసలుగా కోసి ఆరు చిన్న చదరాలు చేశాను. 2000 పిక్సెళ్ల ముక్క 224 అయితే, ఆ ఏరేటర్‌కి 45 పిక్సెళ్లు దక్కుతాయి. ఒక గడి దాటింది. మొత్తం ఫొటోకి తొమ్మిది ముక్కలు, వాటిలో ఎక్కువ వచ్చిన స్కోరే ఫొటో స్కోరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తొమ్మిది సార్లు లాటరీ తీస్తే ఒకసారి తగిలే అవకాశం పెరిగినట్టే, తప్పు స్కోర్లూ పెరుగుతాయి. పెళ్లి ఫొటోలో ఒక మూల ముక్కలో ఉత్త నీలం షామియానా పడితే "సముద్రం ఒడ్డు" అంది. అందుకని చిన్న ముక్కల్ని ఏరేటర్లు, పడవలు లాంటి దూరపు వస్తువుల ట్యాగులకే వాడాను. మిగతావాటికి మూడు పెద్ద చదరాలు చాలు. గీతలన్నీ మళ్లీ ఆ 600 మీదే కొలిచి పైకి జరిపాను. పాత గీతల్ని అలాగే ఉంచితే ఇదంతా దండగ.

```yaml
- keyword: రొయ్యల గుంట
  prompt: "a shrimp pond with paddle wheel aerators"
  cutoff: 0.27
  tiles: small
```

తప్పిపోయిన 17లో 12 తిరిగొచ్చాయి. మిగిలిన ఐదింటిని చూస్తే, నాలుగింట్లో ఏరేటర్ నాకే కనబడలేదు. ఒకటి పొగమంచు.

కాలం సంగతి. మోడల్ కన్నా పెద్ద జేపెగ్‌ను తెరవడానికే ఎక్కువ సమయం పోతోందని గమనించాను. పిల్లో లైబ్రరీలో `im.draft("RGB", (672, 672))` అని ఫైలు తెరిచిన వెంటనే రాస్తే, అది 6000 × 4000ను పూర్తిగా విప్పకుండా నేరుగా 1500 × 1000గా విప్పుతుంది. మన పనికి అది చాలు. ఆ తర్వాత `ImageOps.exif_transpose` తప్పనిసరి, లేకపోతే నిలువు ఫొటోలు పక్కకు పడుకుని మోడల్ ముందుకొస్తాయి. ఇప్పుడు ఫొటోకి ముప్పావు సెకను. రాత్రి పెట్టి పడుకుంటే నాలుగు గంటల లోపే మొత్తం అయిపోయింది.

తెలివిగా చేసిన ఒక పని చెప్పుకోవాలి. ముక్కల అంకెల వరుసల్ని ఒక ఫైల్లో దాచాను, సుమారు 340 ఎంబీ. బొమ్మల పని మళ్లీ చేయక్కర్లేదు. కొత్త ట్యాగు కావాలన్నా, వాక్యం మార్చాలన్నా, గీత జరపాలన్నా, 18,400 ఫొటోల స్కోర్లూ కొన్ని సెకన్లలో వస్తాయి. మామయ్య "తాటి చెట్లు కూడా పెట్టు" అంటే టీ తాగేలోపు పెట్టేశాను.

మంగళవారం

ఇక ఫైళ్లలో రాయడం. దీనికి ఎక్సిఫ్‌టూల్ వాడుతున్నాను. కీవర్డ్‌లకు ఫైల్లో రెండు చోట్లున్నాయి. పాతది ఐపీటీసీ కీవర్డ్స్, కొత్తది ఎక్స్ఎంపీలోని సబ్జెక్ట్. పత్రికల వాళ్ల పాత సాఫ్ట్‌వేర్ దేన్ని చదువుతుందో చెప్పలేం కాబట్టి రెండింట్లోనూ రాయాలి.

ఒక ఫోల్డర్ కాపీ మీద పరీక్షించాను. మంచి పని చేశాను, ఎందుకంటే మొదటి అరగంటలోనే మూడు దెబ్బలు తగిలాయి.

మొదటిది పెద్దది. `-Keywords=పశువులు` అని రాశాను. దానర్థం "కలుపు" కాదు, "ఉన్నవన్నీ తీసేసి ఇది పెట్టు" అని. కొన్ని ఫొటోల్లో మామయ్య ఎప్పుడో చేత్తో రాసుకున్న ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఎక్సిఫ్‌టూల్ అడగకపోయినా పాత ఫైలును `_original` తోకతో పక్కన ఉంచుతుంది కాబట్టి బతికిపోయాను. `exiftool -restore_original` కొడితే అన్నీ వెనక్కొచ్చాయి. కలపాలంటే `+=` రాయాలి. అయితే ఉత్త `+=` రెండుసార్లు నడిపితే అదే మాట రెండుసార్లు పడుతుంది. అందుకే ముందు `-=` తో తీసి, వెంటనే `+=` తో పెట్టాలి.

రెండోది, ఐపీటీసీ వైపు తెలుగంతా `????????` అయిపోయింది. ఎక్స్ఎంపీ ఎప్పుడూ యూనికోడే, దాంతో గొడవ లేదు. ఐపీటీసీ పాతకాలం నాటిది. ఇందులో యూటీఎఫ్-8 ఉందని ఫైల్లో విడిగా చెప్పకపోతే ఎక్సిఫ్‌టూల్ లాటిన్ అక్షరాలే అనుకుంటుంది. హెచ్చరిక ఇచ్చింది, నేనే చూడకుండా పోనిచ్చాను.

మూడోది తెలుగువాళ్లకే తగిలేది. ఐపీటీసీలో ఒక కీవర్డ్‌కి 64 బైట్ల హద్దు ఉంది. ఇంగ్లిష్‌లో 64 అక్షరాలు, ఎవరికీ అడ్డురాదు. తెలుగులో ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు, గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ విడివిడి గుర్తులే. అంటే 21 గుర్తులతో హద్దు అయిపోతుంది. నేను ముచ్చటపడి "ఒంగోలు జాతి గిత్తల బండలాగుడు పోటీ" అని పెట్టాను. లెక్కేస్తే 91 బైట్లు. మధ్యలో తెగిపోయి, చివర అక్షరం కూడా చితికి పడింది. ఉత్త "బండలాగుడు" అయితే 27 బైట్లు. ఆ మాట చాలు, ఎవరైనా వెతికేది దాంతోనే.

ఇవన్నీ సరిచేశాక, ప్రతి ఫొటోకీ స్క్రిప్టు ఇలాంటి కట్ట ఒకటి రాస్తుంది.

```
-codedcharacterset=utf8
-XMP-dc:Subject-=బండలాగుడు
-XMP-dc:Subject+=బండలాగుడు
-IPTC:Keywords-=బండలాగుడు
-IPTC:Keywords+=బండలాగుడు
-P
D:/photos/sankranti/IMG_4821.JPG
-execute
```

కట్టలన్నీ ఒకే `tags.args` ఫైల్లో, యూటీఎఫ్-8లో దాచి, `exiftool -@ tags.args` అని ఒక్కసారి పిలిస్తే చాలు. ఒక్కో ఫొటోకీ విడిగా పిలిస్తే ప్రోగ్రాం లేచి కూర్చోవడానికే సమయమంతా పోతుంది. పైగా విండోస్ కమాండ్ లైన్లో తెలుగు నేరుగా కొడితే ఏమవుతుందోనన్న టెన్షన్ కూడా ఉండదు. ఈ ఫైల్లో ఒక్కో వరుస ఒక్కో మాట, కొటేషన్ గుర్తులు పెట్టకూడదు. పెడితే అవీ కీవర్డ్‌లో భాగమైపోతాయి. `-P` వల్ల ఫైలు తేదీ మారదు. మామయ్య తేదీల వరుసలోనే చూస్తారు కాబట్టి అది ముఖ్యం.

"ఇన్నిసార్లు రాస్తే ఫొటో నాణ్యత తగ్గదా?" అని మామయ్య అడిగారు. జేపెగ్‌ను ఫొటోషాప్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేస్తే తగ్గుతుంది, నిజమే. ఇక్కడ బొమ్మను విప్పడమే లేదు, ముందుండే సమాచారం ముక్క మాత్రమే మారుతుంది. మాటతో వదలకుండా `exiftool -ImageDataHash` తో 50 ఫైళ్లకు ముందూ వెనకా కొలిచి చూపించాను. ఒక్క అంకె మారలేదు. చోటు మాత్రం జాగ్రత్త, `_original` కాపీలతో డిస్కు రెట్టింపు నిండుతుంది. ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ నడిపి, చూసుకుని, `-delete_original` చేస్తూ పోయాను.

శుక్రవారం

మామయ్య ఫొటోల్ని డిజికామ్ అనే ప్రోగ్రాంలో చూస్తారు. కొత్త ట్యాగులు మొదట కనబడలేదు, ఎందుకంటే డిజికామ్ తన సొంత డేటాబేస్‌లో పాత సమాచారాన్నే చూపిస్తోంది. ఫైళ్లలోంచి మెటాడేటా మళ్లీ చదవమని చెబితే వచ్చాయి.

అంతా బాగుందనుకుంటుండగా ఫోన్ వచ్చింది. "ఒరే, తప్పు ట్యాగులు ఓ నలభై నేను తీసేశాను. నిన్న నువ్వు మళ్లీ నడిపావు, నలభై తిరిగొచ్చాయి."

నా `-=`, `+=` జంట చేసేది అదే మరి. తీసేసిన ట్యాగు, ఇంకా పెట్టని ట్యాగు దాని కంటికి ఒకటే. ఇప్పుడు ఒక చిట్టా పెట్టాను. ఏ ఫైలుకి ఏ ట్యాగు, ఏ స్కోరుతో, ఎప్పుడు రాశానో ఒక సీఎస్‌వీలో ఉంటుంది. మళ్లీ నడిపేముందు స్క్రిప్టు ఫైల్లో ఇప్పుడున్న కీవర్డ్‌లను చదువుతుంది. ఒక ట్యాగు చిట్టాలో ఉండి ఫైల్లో లేకపోతే, దాన్ని మనిషి తీసేశాడని అర్థం. ఇక ఆ ఫైలుకి ఆ ట్యాగు ఎప్పటికీ రాయదు. అలాగే, ఫైల్లో ఉండి చిట్టాలో లేనిది మామయ్య రాసింది, దాన్ని ముట్టుకోదు. ఫైలు పేరు మారినా చిట్టా తప్పిపోకుండా, పేరుకు బదులు ఆ బొమ్మ హ్యాష్‌నే ఆనవాలుగా వాడాను. మామయ్య ఫోల్డర్ల పేర్లు మార్చడం మొదలుపెట్టారు మరి.

ఇంకొకటి, ఇది నా చేతిలో లేనిది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కీవర్డ్‌లన్నీ రాలిపోతున్నాయి. డాక్యుమెంట్‌గా జత చేసి పంపమని చెప్పాను. "అది నొక్కడం నాకు రాదు" అన్నారు. నేర్పాను.

మూడో ఆదివారం

అసలు ఫొటో సంగతి. "రొయ్యల గుంట" కొడితే 611 వచ్చాయి. మామయ్య గంటసేపు చూశారు. నీళ్లు చిమ్ముతున్న ఏరేటర్లు, వల లాగుతున్న కూలీలు, గట్ల మీద మేత బస్తాలు. ఎండిన గుంట మాత్రం లేదు.

నేను వాక్యం మళ్లీ చదువుకున్నాను. `a shrimp pond with paddle wheel aerators`. చెరువు అన్నాక నీళ్లుంటాయి. ఎండిన గుంటలో నీళ్లు లేవు, గట్టు మీద తిరగేసిన ఏరేటర్ చక్రంలాగా కూడా కనబడదు. స్కోర్లు ఫైల్లో ఉన్నాయి కాబట్టి, గీతకు కాస్త కింద, 0.23కీ 0.27కీ మధ్య పడినవాటిని వరుసగా పేర్చాను. 340 చిల్లర. అందులో 58వది, 0.25. కొత్తపట్నం వైపు తీసింది, `card3_new`లో ఉంది. నెర్రెలు బారిన నేల, గట్టు మీద నాలుగు ఏరేటర్లు, పక్కన ఒక కుక్క. మోడల్ దానికి ఇచ్చిన ట్యాగు ఒక్కటే: "పశువులు".

మామయ్య ఆ ట్యాగు తీసేసి, "ఎండగట్టిన గుంట" అని తనే కొట్టారు. 40 బైట్లు, ఐపీటీసీలో పడుతుంది. చిట్టాలో "పశువులు" ఉంది, ఫైల్లో లేదు. రాత్రి మళ్లీ నడిపి చూశాను, అది తిరిగి రాలేదు.